సిక్ లీవ్ రోజు మీ పేరు మీదున్న టికెట్లు: ఒకరి చేతికివ్వడం మేలా, క్యూలో వదలడం మేలా?

సపోర్ట్ డెస్క్‌లో పనిచేసేవాళ్లు సిక్ లీవ్ మెసేజ్ పెట్టేటప్పుడు సెలవు దొరుకుతుందా లేదా అనే ఆలోచిస్తారు. ఆ మెసేజ్ అందుకునే షిఫ్ట్ లీడ్‌కి వచ్చే మొదటి ప్రశ్న మాత్రం వేరు: ఈ మనిషి పేరు మీదున్న టికెట్లు ఇప్పుడు ఎవరు చూస్తారు? ఇలాంటి మెసేజ్‌లు రోజూ అందుకునే పనిలో ఉన్నాను కాబట్టి చెబుతున్నాను, మనిషి రాకపోతే ఎలాగో సర్దుకుంటాం. ఇబ్బంది పెట్టేది ఆ మనిషి పేరు మీద ఉండిపోయిన పని.

ఎందుకంటే ఒక టికెట్‌ని ఎవరైనా తన పేరు మీదికి తీసుకోగానే అది మిగతావాళ్ల లిస్టులోంచి మాయమవుతుంది. షిఫ్ట్‌లోకి వచ్చినవాళ్లు చూసేది ఎవరి పేరూ లేని టికెట్లనే. పేరున్న టికెట్ కంటపడినా, చూసుకునేవాళ్లు ఉన్నారులే అని ముట్టుకోరు. కస్టమర్ వైపు గడియారం మాత్రం ఆగదు. అందుకే తీసుకున్న టికెట్లను అలాగే మీ పేరు మీద ఉంచేసి ‘ఈరోజు రాలేను’ అని ఒక్క లైను పెట్టడం అన్నిటికంటే చెడ్డ దారి. దాని గురించి ఇంతకంటే చెప్పాల్సింది లేదు.

‘నా టికెట్లు ఎవరైనా చూసుకోండి ప్లీజ్’ అని గ్రూప్‌లో పెట్టడం చూడ్డానికి దానికంటే మెరుగ్గా ఉంటుంది. కానీ పదిమంది ఉన్న గ్రూప్‌లో ‘ఎవరైనా’ అంటే ఎవరూ కాదు. ఒక్కోసారి దీనికి పూర్తిగా తిరగబడి, ఇద్దరు ఒకే టికెట్ తెరిచి ఒకే కస్టమర్‌కి రెండు వేర్వేరు జవాబులు పంపుతారు.

నిజంగా పోల్చి చూడాల్సినవి మిగిలిన రెండు దారులు. ఒకటి, టికెట్ మీద మీ పేరు తీసేసి క్యూలో వదలడం. రెండోది, ఒక టీమ్‌మేట్‌ని అడిగి, వాళ్లు సరేనన్నాక వాళ్ల పేరు మీదికి మార్చడం. ఏది మేలు అంటే అన్ని టికెట్లకీ ఒకే జవాబు లేదు. ఒక కేసు తీసుకుని చూద్దాం.

స్వాతి అనే అమ్మాయికి మధ్యాహ్నం 2 గంటల షిఫ్ట్ అనుకుందాం. రాత్రి నుంచి జ్వరం. తన పేరు మీద నాలుగు టికెట్లున్నాయి. మొదటిది నిన్న షిఫ్ట్ చివర్లో తీసుకుంది, ఇంకా తెరిచి చూడలేదు. రెండోదానికి కస్టమర్ నుంచి స్క్రీన్‌షాట్ రావాలి, Pending లో ఉంది. మూడోదాంట్లో కస్టమర్‌కి ఈరోజు 4 గంటలకు ఫోన్ చేస్తానని మాటిచ్చింది. నాలుగోది ఒకే ఆర్డర్‌కి రెండుసార్లు డబ్బు కట్ అయిన కస్టమర్‌ది. రీఫండ్ కోసం బిల్లింగ్ టీమ్‌కి నిన్ననే రిక్వెస్ట్ పెట్టింది, ఇంకా జవాబు రాలేదు.

మొదటి టికెట్‌కి క్యూయే సరైన చోటు. అందులో స్వాతికి మాత్రమే తెలిసిన సంగతంటూ ఏమీ లేదు, ఎవరు తెరిచినా మొదటి నుంచే మొదలుపెట్టాలి. దాన్ని తీసుకెళ్లి ఒకరి నెత్తిన పెడితే అనవసరంగా ఆ ఒక్కరి బరువు పెరుగుతుంది. అయితే ఇక్కడ చాలామంది గమనించని ఒక చిక్కుంది. టికెట్లు నడిపే సాఫ్ట్‌వేర్ జెండెస్క్‌లో ఒకసారి ఒకరి పేరు మీదికి వెళ్లిన టికెట్ New నుంచి Open అవుతుంది. తర్వాత పేరు తీసేసినా మళ్లీ New కాదు. మీ టీమ్ New టికెట్ల లిస్టు మాత్రమే చూసే అలవాటులో ఉంటే, మీరు క్యూలో వదిలానని అనుకున్న టికెట్ ఎవరికీ కనబడదు. పేరు లేని Open టికెట్లు కూడా ఆ లిస్టులో వస్తాయా లేదా అన్నది ఒంట్లో బాగున్న రోజునే చూసిపెట్టుకోవాలి. రాకపోతే టికెట్ నంబర్ మెసేజ్‌లో రాయక తప్పదు.

రెండోది కూడా క్యూకే అంటాను, కాకపోతే ఒక నోట్ రాసి వదలాలి. Pending టికెట్‌కి కస్టమర్ జవాబిచ్చిన వెంటనే అది Open అవుతుంది. స్వాతి పేరు మీదే ఉంటే, ఆ జవాబు జ్వరంతో పడుకున్న స్వాతి లిస్టులో లేచి కూర్చుంటుంది. పేరు లేకుండా ఉంటే షిఫ్ట్‌లో ఉన్నవాళ్ల కళ్లముందుకొస్తుంది. స్క్రీన్‌షాట్‌లో ఏం వెతకాలో రెండు లైన్లు రాసి ఉంటే ఎవరైనా అందుకోగలరు.

మూడోది, నాలుగోది మాత్రం క్యూలో వదలకూడదు. 4 గంటలకు ఫోన్ చేస్తాననే మాట టికెట్ లోపల ఎక్కడో ఉంటుంది. క్యూలో పైనుంచి కిందికి ఒక్కొక్కటే తీస్తూ వచ్చేవాళ్లు దాన్ని తెరిచేసరికి 5 దాటొచ్చు. టైముకి కట్టుబడిన పనికి ఒక పేరుండాలి. రీఫండ్ టికెట్‌లో ప్రమాదం ఇంకో రకం. కొత్తగా తెరిచినవాళ్లకి పైన కనబడేది కస్టమర్ ఫిర్యాదు. కింద బిల్లింగ్ రిక్వెస్ట్ గమనించకపోతే, మంచి మనసుతోనే ఇంకో రీఫండ్ పెట్టేస్తారు. సగం జరిగిన పని అసలు మొదలుపెట్టని పనికంటే ప్రమాదకరం. దాన్ని సంగతి తెలిసిన ఒక మనిషి చేతికే ఇవ్వాలి.

ఆ మనిషిని ఎంచుకోవడంలోనే చాలా హ్యాండోవర్లు దెబ్బతింటాయి. బాగా పనిచేస్తాడు, కాదనడు అని కాదు చూడాల్సింది. ఈరోజు 4 గంటలకు ఆ మనిషి షిఫ్ట్‌లో ఉంటాడా? బిల్లింగ్ టీమ్ జవాబు చూసే యాక్సెస్ ఉందా? ఫోన్ చేయాల్సిన కస్టమర్ మాట్లాడే భాష వచ్చా? ఈ మూడూ ఉంటే అప్పుడు అడగాలి. అడగకుండా పేరు మార్చేస్తే, వాళ్లు తమ లిస్టు చూసుకునేదాకా ఆ సంగతే తెలియకపోవచ్చు. మెసేజ్ చదివినట్టు నీలం టిక్కులు పడినంత మాత్రాన ఒప్పుకున్నట్టు కాదు. ‘సరే, చూస్తాను’ అని రావాలి. ఇరవై నిమిషాల్లో రాకపోతే ఇంకొకరిని వెతుక్కుంటూ కూర్చోవద్దు, జ్వరంలో అది మీ పని కాదు. లీడ్‌కి ‘ఈ రెండిటికీ ఎవరూ దొరకలేదు, మీరే ఎవరికైనా అప్పగించండి’ అని చెప్పేయండి.

తన టీమ్‌మేట్ కిరణ్‌ని స్వాతి ఇలా అడగొచ్చు:

‘అన్నా, జ్వరం, ఈరోజు రావట్లేదు. రెండు టికెట్లు నువ్వు చూడగలవా? ఒకదాంట్లో 4 గంటలకు కస్టమర్‌కి ఫోన్ చేయాలి, పది నిమిషాల పని. ఇంకోటి రీఫండ్, బిల్లింగ్ జవాబు కోసం ఆగి ఉంది. నువ్వు సరే అంటే నీ పేరుకి మారుస్తాను. కుదరకపోతే చెప్పు, మేడమ్‌ని అడుగుతాను.’

పని ఎంతుందో ముందే చెప్పింది, కాదనడానికి దారి కూడా ఉంచింది. కిరణ్ సరేనన్నాక పేరు మార్చి, రీఫండ్ టికెట్‌లో ఈ నోట్ పెట్టాలి: ‘రెండోసారి కట్ అయిన డబ్బుకి నిన్న రాత్రి బిల్లింగ్‌కి రిక్వెస్ట్ వెళ్లింది. జవాబు రాలేదు. వచ్చాక కస్టమర్‌కి చెప్పాలి. ఈలోగా రీఫండ్ మళ్లీ పెట్టొద్దు.’ జరిగింది, జరగాల్సింది, చేయకూడనిది. చాలామంది మొదటి రెండూ రాసి మూడోది మర్చిపోతారు. తప్పు జరిగేది సరిగ్గా అక్కడే.

నోట్ పెట్టేటప్పుడు ఒక్క క్షణం ఆగి, రాస్తున్నది Internal note లోనా, Public reply లోనా అని చూసుకోండి. తల పగిలిపోతున్నప్పుడు ఫోన్లో, చిన్న స్క్రీన్ మీద ఈ పొరపాటు తేలిగ్గా జరుగుతుంది. Public reply లో పెడితే మీరు కిరణ్‌కి రాసిన మాటలు కస్టమర్‌కి మెయిల్‌గా వెళ్లిపోతాయి.

ఇక లీడ్‌కి పెట్టే మెసేజ్. కొందరు అన్ని టికెట్లూ సర్దుకున్నాకే సెలవు సంగతి చెబుతారు. ఆ క్రమం తప్పు. రాలేనని తెలిసిన నిమిషంలో ఆ ఒక్క ముక్క ముందు పంపాలి, ఎందుకంటే లీడ్ మీ బదులు ఇంకొకరిని పిలవాల్సి ఉంటే దానికి టైము కావాలి. హ్యాండోవర్ వివరం తర్వాత, వేరే మెసేజ్‌గా వెళ్లొచ్చు. షిఫ్ట్‌కి గంటలోపే ఉంటే మెసేజ్‌తో సరిపెట్టుకోకుండా ఫోన్ కూడా చేయాలి. అప్పటికి లీడ్ దారిలో ఉండొచ్చు, మెసేజ్ చూసుకోకపోవచ్చు.

స్వాతి 10 గంటలకే ‘మేడమ్, రాత్రి నుంచి జ్వరంగా ఉంది, ఈరోజు 2 గంటల షిఫ్ట్‌కి రాలేను, సిక్ లీవ్ పెడుతున్నాను. టికెట్ల వివరం కాసేపట్లో పంపుతాను’ అని చెప్పిందనుకోండి. రెండో మెసేజ్ ఇలా ఉంటే చాలు:

‘మేడమ్, నా పేరు మీద 4 టికెట్లు ఉన్నాయి. 4 గంటల కాల్, రీఫండ్ టికెట్ కిరణ్ అన్న చూస్తానన్నారు, ఆయన పేరుకి మార్చాను. మిగతా రెండూ క్యూలో వదిలాను, ఒకటి ఇంకా తెరవనిది, ఒకటి కస్టమర్ జవాబు కోసం ఆగింది. అన్నిట్లో నోట్ పెట్టాను. మందు వేసుకుని పడుకుంటున్నాను, సాయంత్రం 6 తర్వాత మెసేజ్ చూస్తాను.’

జబ్బు ఏంటన్న వివరం ఇందులో లేదు, ఉండక్కర్లేదు. మొదటి మెసేజ్‌లో ‘జ్వరం’ అన్నది చాలు. అది కూడా చెప్పడం ఇష్టం లేకపోతే ‘ఒంట్లో బాగోలేదు’ అన్నా సరిపోతుంది. టెస్టుల వివరాలు, మందుల చీటీ ఫోటో గ్రూప్‌లో పెట్టనవసరం లేదు. డాక్టర్ సర్టిఫికెట్ అడిగే ఆఫీసైతే దాన్ని నేరుగా హెచ్‌ఆర్‌కి పంపాలి. చివర్లో ఎప్పుడు దొరుకుతారో చెప్పడం మాత్రం మంచిది, లేకపోతే ప్రతి చిన్న సందేహానికీ ఫోన్ మోగుతూనే ఉంటుంది.

ఇంత రాసే ఓపిక కూడా లేని రోజులుంటాయి. లాగిన్ అవ్వలేకపోవచ్చు, కూర్చోలేకపోవచ్చు. అప్పుడు నాలుగు టికెట్ల గురించీ చెప్పాలని చూడొద్దు. టైముకి కట్టుబడినది, సగంలో ఆగినది, ఈ రెండే లీడ్‌కి చెప్పండి: ‘4 గంటలకు ఒక కస్టమర్‌కి కాల్ ఉంది, రీఫండ్ ఒకటి బిల్లింగ్ దగ్గరుంది, మళ్లీ పెట్టొద్దు. మిగతావి మీరే మార్చేయండి.’ పేరు మార్చే అధికారం లీడ్‌కి ఉంటుంది. మీ పాస్‌వర్డ్ టీమ్‌మేట్‌కి పంపి ‘నువ్వే లాగిన్ అయి చూసుకో’ అనడం మాత్రం ఏ పరిస్థితిలోనూ వద్దు. ఆరోజు పంపిన ప్రతి జవాబూ మీ పేరు మీదే నమోదవుతుంది.

తిరిగొచ్చిన రోజు ఇంకో చిన్న సంగతి. కిరణ్‌కి ఇచ్చిన టికెట్లు మీవే కదా అని మళ్లీ మీ పేరుకి లాక్కోవద్దు. కస్టమర్ ఈపాటికి అతనితో మాట్లాడి ఉంటాడు, మళ్లీ మనిషి మారితే కథంతా మొదటి నుంచి చెప్పుకోవాలి. ‘ఎక్కడిదాకా వచ్చింది, నేను తీసుకోనా?’ అని అడగండి. ముగింపుకొచ్చినదాన్ని అతన్నే ముగించనిచ్చి, దానికి బదులు క్యూలోంచి కొత్తది ఒకటి మీరు తీసుకోండి.