రెండు సారాంశాలు, ఒకే సర్వే

విజయవాడ బీసెంట్ రోడ్డులోకి బండ్లు రాకుండా ఆపడం గురించి ఒక సర్వే జరిగిందనుకుందాం. 400 మందిని లాటరీ పద్ధతిలో ఎంచి అడిగితే 216 మంది, అంటే 54 శాతం, అవునన్నారు. దాన్ని ఇద్దరు కుదించి రాశారు.

మొదటాయన రాసింది: "బీసెంట్ రోడ్డులో బండ్లు ఆపేయాలంటున్న మెజారిటీ నగరవాసులు. దుకాణదారుల్లో మాత్రం వ్యతిరేకత." చదవడానికి హాయిగానే ఉంది.

రెండో ఆయన రాసింది: "'ట్రాఫిక్ తగ్గించడానికి సాయంత్రం పూట బండ్లు ఆపితే మీకు సమ్మతమేనా?' అని 400 మందిని అడిగితే 54 శాతం అవునన్నారు. తేడా 5 శాతం అటూ ఇటూ ఉండొచ్చు."

కాస్త పొడుగే, కానీ నా ఓటు దీనికే. 54కి 5 అటూ ఇటూ అంటే 49 నుంచి 59 దాకా. కింది అంచు సగం కన్నా తక్కువ కాబట్టి "మెజారిటీ" అని ఢంకా బజాయించలేం. ప్రశ్న కళ్ల ముందుంటే ఇంకోటి దొరుకుతుంది: అడిగింది సాయంత్రాల గురించే, పైగా "ట్రాఫిక్ తగ్గించడానికి" అన్న మాటే జవాబును అవును వైపు నెడుతుంది. ఆ నెట్టుడు 5 శాతం లెక్కలోకి రాదు. ఆ 5 శాతం, అందరినీ కాక కొందరినే అడగడం వల్ల వచ్చే తేడాను మాత్రమే కొలుస్తుంది.

ఇక దుకాణదారులు. 400లో వాళ్లు 80 మందే, అవునన్నది 45 శాతం. అంతమందికి తేడా దాదాపు 11కి పెరుగుతుంది, అంటే 34 నుంచి 56. పై అంచు సగం దాటింది కాబట్టి "వ్యతిరేకత" అని కూడా గట్టిగా చెప్పలేం. రెండో ఆయన దుకాణదారుల వాక్యమే రాయలేదు. రాసి తీరాలంటే పక్కన "80 మందిలో" అని ఉండాలి.