అమ్మాయికి చిన్న టౌన్‌లో ఉద్యోగం: ఆఫీసు చూసి నమ్మాలా, రిజిస్ట్రేషన్ చూసి నమ్మాలా, పీఎఫ్ చూసి నమ్మాలా?

చిన్న కంపెనీలకు నెలనెలా పీఎఫ్, ఈఎస్ఐ రిటర్నులు వేయడం నా పని. అందుకే తెలిసినవాళ్లు, వాళ్లకు తెలిసినవాళ్లు ఇదే ప్రశ్నతో వస్తుంటారు: "మా అమ్మాయికి ఫలానా చోట ఉద్యోగం వచ్చింది, కంపెనీ పేరు ఎప్పుడూ వినలేదు. పంపొచ్చంటారా?" పోయిన జనవరిలో ఒకాయన రెండు ఆఫర్ లెటర్లు పట్టుకొని వచ్చారు. కూతురు బీకామ్ పూర్తిచేసింది. ఒకటి మెయిన్ రోడ్డు మీద అద్దాల ఆఫీసు, జీతం 18,000. రెండోది మేడ మీద రెండు గదులు, జీతం 14,000. "మొదటిది ఖాయం చేసేద్దామనుకుంటున్నాం. మీరూ ఒక మాట చెప్పండి" అన్నారు.

నా సంగతి ముందే చెబుతున్నా. ఆఫీసు చూడటం, రిజిస్ట్రేషన్ చూడటం, పీఎఫ్ రికార్డు చూడటం, ఈ మూడింట్లో నేను మూడోదాని వైపే మొగ్గుతాను.

ఆఫీసుకు వెళ్లి చూడటం మంచిదే. కానీ అద్దెకు తీసుకున్న బిల్డింగు కంపెనీ దగ్గర డబ్బుందో లేదో చెప్పదు. వెళ్లినప్పుడు కుర్చీలు, ఏసీలు చూడకుండా అక్కడ పనిచేసే ఆడపిల్లలతో పది నిమిషాలు మాట్లాడమనండి. ఎన్నేళ్లుగా చేస్తున్నారు, సాయంత్రం ఎన్నింటికి వదులుతారు, పోయిన నెల జీతం ఏ తేదీన పడింది అని అడిగితే చాలు. పదిమంది లేదా అంతకంటే ఎక్కువమంది పనిచేసే చోట లైంగిక వేధింపుల ఫిర్యాదుల కోసం అంతర్గత కమిటీ ఉండాలని 2013 చట్టం చెబుతోంది. కమిటీలో ఎవరున్నారని అడిగినప్పుడు హెచ్ఆర్ ముఖం చూసినా కొంత అర్థమవుతుంది.

ఇక రిజిస్ట్రేషన్. జీఎస్టీ కింద రిజిస్టరైన కంపెనీ అయితే బోర్డు మీద జీఎస్టీ నంబరు ఉండాలి. gst.gov.in లో Search Taxpayer దగ్గర ఆ నంబరు కొడితే అసలు పేరు, రిజిస్ట్రేషన్ తేదీ, అది ఇంకా నడుస్తోందా రద్దయిందా అన్నది కనిపిస్తాయి. రిటర్నులు ఎప్పుడెప్పుడు వేశారో కూడా తెలుస్తుంది. ఆ కంపెనీ అనేది ఒకటి నిజంగా ఉందని దీంతో తేలుతుంది. జీతాలు ఇస్తున్నారా అన్నది మాత్రం తేలదు. ఇరవైమంది కంటే తక్కువ ఉన్న చోట పీఎఫ్ తప్పనిసరి కాదు కాబట్టి, అలాంటి చోట్ల ఈ చూపుతోనే, ఉద్యోగుల మాటతోనే సరిపెట్టుకోవాలి.

ఇరవైమంది, అంతకంటే ఎక్కువమంది ఉంటే మాత్రం పీఎఫ్ రికార్డు చూడకుండా అమ్మాయిని పంపొద్దంటాను. చాలామందికి తెలియని విషయం ఏంటంటే, ఈ రికార్డు ఎవరైనా చూడొచ్చు, లాగిన్ అక్కర్లేదు. ఈపీఎఫ్ఓ సైటులో Establishment Search అని ఉంటుంది. అక్కడ కంపెనీ పేరు గానీ పీఎఫ్ కోడు గానీ ఇచ్చి, View Payment Details నొక్కితే ఏ నెల జీతాలకు సంబంధించిన డబ్బు ఏ తేదీన జమైంది, ఎంత, ఎంతమందికి అన్నది వరుసగా కనిపిస్తుంది. బోర్డు మీది పేరు, రిజిస్టరైన పేరు వేరుగా ఉండే చోట్లు చాలా ఉంటాయి. పేరుతో దొరకకపోతే అక్కడ పనిచేసే ఎవరినైనా పే స్లిప్పు మీది పీఎఫ్ కోడు అడగండి.

ఆయన తెచ్చిన మొదటి కంపెనీని అలాగే తెరిచాను. ఇంటర్వ్యూలో అరవైమంది స్టాఫ్ అన్నారట. రికార్డులో మార్చి నెలకు 41 మంది, సెప్టెంబరుకు 22 మంది. కాంట్రాక్టరు కింద పనిచేసేవాళ్లు వేరే కోడులో ఉండొచ్చు కాబట్టి సంఖ్య తేడాను బట్టి వెంటనే తప్పు పట్టను. తేదీలు చూశాక మాత్రం అనుమానం మిగల్లేదు. ఏ నెల పీఎఫ్ అయినా మరుసటి నెల 15లోపు కట్టాలి. వీళ్లు మార్చిది ఏప్రిల్ 14న కట్టారు. జూన్‌ది ఆగస్టు 9న కట్టారు. సెప్టెంబరుది డిసెంబరు 20న కట్టారు. ఆ తర్వాత నెలలవి అసలు లేవు. ఆలస్యానికి ఏడాదికి 12 శాతం వడ్డీ పడుతుందని ప్రతి యజమానికీ తెలుసు. తెలిసీ ఆపాడంటే చేతిలో డబ్బు ఆడట్లేదనే. నా అనుభవంలో ముందు పీఎఫ్ ఆగుతుంది, తర్వాత జీతాల తేదీ జరుగుతుంది, ఆ తర్వాతే జీతాలు ఆగుతాయి. జీతం ఆగితే ఉద్యోగి ఆ రోజే అడుగుతాడు, పీఎఫ్ ఆగిన సంగతి అతనికి నెలల తరబడి తెలియదు.

అదే పట్టికలో ఇంకో లెక్క కూడా ఉంది. ఉద్యోగి వాటా 12 శాతం, యజమాని వాటా 12 శాతం, మిగతా చార్జీలు ఒక శాతం కలిపితే పీఎఫ్ లెక్కకు తీసుకునే జీతంలో దాదాపు పావు వంతు జమవుతుంది. కాబట్టి మొత్తాన్ని మనుషుల సంఖ్యతో భాగించి నాలుగుతో గుణిస్తే, సగటున ఎంత జీతం మీద పీఎఫ్ కడుతున్నారో తెలుస్తుంది. సెప్టెంబరుకు 22 మందికి 44,000 కట్టారు. తలకు 2,000, అంటే సగటున 8,000 మీదే కడుతున్నారు. అమ్మాయికి చెప్పిన 18,000లో మిగతాది అలవెన్సుల పేరుతో ఇస్తారో, చేతికి నోట్లిస్తారో, అసలు ఇస్తారో లేదో మనకు తెలియదు.

రెండో కంపెనీలో పన్నెండు నెలలూ 24 నుంచి 26 మంది. డబ్బు ప్రతి నెలా 12, 13, 14 తేదీల్లో పడింది. ఆఖరి నెల 26 మందికి 78,000, అంటే సగటున 12,000 మీద కడుతున్నారు. ఆఫర్ లెటర్లో బేసిక్ కూడా 12,000 అనే ఉంది. చెప్పిందీ కట్టేదీ ఒకటే.

ఆయన బాధ నాకు అర్థమైంది. 14,000లో పీఎఫ్‌కు 1,440, ఈఎస్ఐకి 105 పోతే చేతికొచ్చేది 12,455. "పద్దెనిమిది ఎక్కడ, పన్నెండున్నర ఎక్కడ?" అన్నారు. యజమాని తన వైపు నుంచి మరో 1,440 వేస్తాడని, ఈఎస్ఐ కార్డుతో వైద్యం దొరుకుతుందని చెప్పాను. అన్నిటికంటే, పద్దెనిమిది మూడు నెలలు వచ్చి ఆగిపోతే అమ్మాయి మళ్లీ ఉద్యోగం వెతుక్కోవాలి, రావాల్సిన జీతం కోసం తిరగాలి. అదే చెప్పాను.

రిజిస్ట్రేషన్ ఫీజు, ట్రైనింగ్ డిపాజిట్ అంటూ డబ్బడిగినా, ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గర పెట్టమన్నా ఇక ఏమీ చూడక్కర్లేదు, వద్దని వచ్చేయడమే.

అమ్మాయి ఫిబ్రవరి ఒకటిన మేడ మీది ఆఫీసులో చేరింది. ట్రైనీ పేరుతో ఆరు నెలలు పీఎఫ్ లేకుండా తిప్పకుండా, మొదటి నెల నుంచే కడతామని లెటర్లో రాయించుకోమన్నాను, రాయించుకుంది. మార్చి 20న ఆయన ఫోన్‌లో పీఎఫ్ పాస్‌బుక్ స్క్రీన్‌షాట్ పంపారు. ఫిబ్రవరి జీతం తాలూకు ఆమె వాటా 1,440 పడి ఉంది. ఈ నెల కూడా చూడమని చెప్పాను.