రీసెర్చ్ రీడౌట్ డెక్: సెక్షన్ల వారీగానా, స్క్రీన్ల వారీగానా, ఫైండింగ్ వారీగానా?

యూజర్ ఇంటర్వ్యూలు అయ్యాక టీమ్‌కు చూపించే డెక్‌ను ఎక్కువగా మూడు రకాలుగా కడుతుంటారు. ఫైండింగ్స్ అన్నీ ఒకచోట, యూజర్ల మాటలన్నీ ఒకచోట, సూచనలన్నీ చివర పెట్టడం మొదటిది. రెండోది స్క్రీన్‌షాట్లు పరిచి, ఏ స్క్రీన్ సంగతి ఆ స్క్రీన్ పక్కన అంటించడం. మూడోది ఒక ఫైండింగ్, దానికి ఆధారమైన మాట, దాని వల్ల చేయాల్సిన మార్పు, మూడూ ఒకే స్లైడ్‌లో ఉంచడం. నా ఓటు మూడోదానికే. ఎందుకో ఒక ఉదాహరణ పెట్టుకుని చూద్దాం.

బెంగళూరులో పొద్దున్నే పాలు ఇంటికి తెచ్చిచ్చే ఒక యాప్ ఉందనుకోండి. మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు ఎనిమిది మందితో మాట్లాడారు. పండక్కి ఊరెళ్లేటప్పుడు యాప్‌లో డెలివరీ ఆపేసి కూడా, వాళ్లలో ఆరుగురు డెలివరీ అబ్బాయికి ఫోన్ చేస్తున్నారు. వాళ్లలో పేరుకు బదులు P3 అని రాసుకున్న యూజర్ అన్నది: "ఆపమని నొక్కానండీ. ఆగిందో లేదో ఎవరికి తెలుసు? అందుకే ఆ అబ్బాయికి ఓ మాట చెప్పేశా." P5 మాత్రం ఇంకోటి అంది: "ఆ బటన్ ఎక్కడ దాచారో గానీ, వెతకలేక చచ్చాను."

మొదటి పద్ధతిలో ఈ రెండు మాటలూ కోట్స్ స్లైడ్‌లో పక్కపక్కనే పడతాయి. మీటింగ్‌లో అందరూ నవ్వేది, గుర్తుంచుకునేది P5 మాటే. సూచనల స్లైడ్ వచ్చేసరికి ఆరుగురి ఫైండింగ్ వెనకబడిపోయి ఉంటుంది. చివరికి స్ప్రింట్‌లోకి వెళ్లే టికెట్ "బటన్ పెద్దది చేయాలి". బటన్ పెద్దదవుతుంది, ఫోన్లు మాత్రం తగ్గవు. రీసెర్చ్ తప్పు కాదు, ఏ మాట ఏ ఫైండింగ్‌కు సాక్ష్యమో డెక్ చెప్పకపోవడమే తప్పు.

స్క్రీన్ల వారీ పద్ధతి డిజైనర్లకు ఇష్టం. ఫిగ్మా ప్రోటోటైప్ ఇచ్చి యూజబిలిటీ టెస్ట్ చేసినప్పుడు అదే మేలు కూడా, ఎందుకంటే అక్కడ ఇబ్బందులన్నీ స్క్రీన్ మీదే జరుగుతాయి. మన పాల కథలో చిక్కేమిటంటే, ఫోన్ కాల్ ఏ స్క్రీన్ మీదా జరగదు. డెలివరీ ఆపిన స్క్రీన్‌కు, తర్వాత తెరిచే హోమ్‌కు మధ్య ఎక్కడో పుట్టిన అనుమానం అది. దాన్ని ముక్కలు చేసి ఒక్కో స్క్రీన్‌కూ అంటిస్తే, ప్రతి ముక్కా చిన్న విషయంలాగే కనిపిస్తుంది.

ఫైండింగ్ వారీ స్లైడ్‌కు హెడింగ్‌గా "పాజ్ సమస్యలు" అని పెట్టకుండా పూర్తి వాక్యం రాయాలి: "ఊరెళ్లేవాళ్లు యాప్‌లో డెలివరీ ఆపినా, ఆగిందన్న నమ్మకం లేక ఫోన్ చేస్తున్నారు." కింద "8 మందిలో 6" అని రాయండి. 75 శాతం అంటే వినేవాళ్లు ఊళ్లోని యూజర్లందరి లెక్క అనుకుంటారు. ఆ కింద P3 మాట, రికార్డింగ్‌లో అది వచ్చే టైమ్. తెలుగులో అన్న మాటను తెలుగులోనే ఉంచి, కింద ఇంగ్లీషులో అర్థం ఇస్తే మంచిది. టీమ్‌లో కన్నడ, తమిళం, హిందీ వాళ్లూ ఉంటారు కదా.

ఫోన్ చేయని ఇద్దరి సంగతి కూడా అదే స్లైడ్‌లో ఉండాలి. ఆపిన తేదీలతో తమకు మెసేజ్ వచ్చిందని, అందుకే ఫోన్ చేయలేదని వాళ్లు చెప్పారనుకోండి. ఆరుగురి మాటల కన్నా కారణాన్ని బాగా పట్టిచ్చేది ఇదే. చాలా డెక్‌లలో ఇలాంటివాళ్లు అసలు కనిపించరు.

మార్పును రెండు వాక్యాలుగా విడగొట్టండి. మొదటిది ఆధారం నుంచి నేరుగా వచ్చేది: "డెలివరీ ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు ఆగిందో యూజర్‌కు ఖాయంగా తెలియాలి." రెండోది మన ఐడియా: "హోమ్ మీద 'జనవరి 13 నుంచి 17 వరకు పాలు రావు' అని ఉంచొచ్చు." ఇంజనీర్లు రెండోది కుదరదన్నా మొదటిది నిలబడుతుంది. రెండూ కలిపి రాస్తే ఐడియాతో పాటు ఫైండింగ్ కూడా బుట్టదాఖలే.

ఈ పద్ధతికీ ఒక లోపం ఉంది. ఒకే మార్పు రెండు మూడు ఫైండింగ్స్‌కు జవాబైతే, అదే సూచన స్లైడ్ తర్వాత స్లైడ్‌లో తిరిగి వస్తుంది, వినేవాళ్లకు విసుగు. అందుకే ఫైండింగ్స్‌కు F1, F2 అని నంబర్లిచ్చి, చివర ఒక చిన్న టేబుల్ పెట్టాలి: మార్పు ఒక వరసలో, అది ఏ ఏ ఫైండింగ్స్ నుంచి వచ్చిందో పక్క వరసలో. పీఎం టికెట్ రాసేటప్పుడు ఆ నంబర్ టికెట్‌లోనూ పడాలి. ఏ నంబరూ లేని మార్పు టేబుల్‌లో కనిపిస్తే, అది ఎవరి సొంత కోరికో అడగొచ్చు. P5 చెప్పిన బటన్ సంగతి ఒక్కరి మాట కాబట్టి, స్క్రీన్‌షాట్‌తో సహా డెక్ చివర "ఇంకా చూడాల్సినవి" కింద ఉంటే చాలు.