రజొ పండగ రోజు వీడియోనా, మూడు వారాల ముందా?

మా ఒడిశా పర్లాకిమిడిలో బట్టల షాపుకి షార్ట్స్ వీడియోలు చేస్తాను, మొదట్లో పండగ తారీఖునే వీడియో పెట్టేదాన్ని, రజొ జూన్ మధ్యలో వస్తుంది కదా, ఆ రోజే చీరల వీడియో వేస్తే కామెంట్స్ నిండా "రేటెంత అక్కా" అనే, కొన్నోళ్ళు మాత్రం లేరు, అప్పటికే అందరూ కొత్తబట్టలు కట్టేసుకున్నారు.

ఇప్పుడు వెనక్కి లెక్కేస్తున్నా. టైలర్ పండక్కి వారం ముందే జాకెట్లు తీసుకోడం ఆపేస్తాడు, అందుకని మే చివర్లోనే చీర, జాకెట్ వీడియోలు, ఆఖరి వారం రెడీమేడ్, డిస్కౌంట్.

ఫిబ్రవరిలో మెట్రిక్ పరీక్షలు, అప్పుడు సేల్ వీడియోలు తగ్గిస్తా, తల్లుల ధ్యాసంతా పిల్లల మీదే.

తారీఖు పద్ధతి శుభాకాంక్షలకే పనికొస్తుంది, అమ్మకానికి వెనక్కి లెక్కే.