సగం రోజు పోయాక పనికొచ్చిన లాంగ్ నోట్‌బుక్: చాలాకాలం వాడాక నా సమీక్ష

నేను విజయవాడలో చిన్న వ్యాపారాలకు జీఎస్‌టీ, టీడీఎస్ రిటర్నులు వేసే పని చేస్తాను. రోజు ప్లాన్ కోసం కొన్నేళ్లుగా వాడుతున్నది మామూలు రూళ్ల లాంగ్ నోట్‌బుక్. పేజీ ఎడమ అంచున ఉదయం ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది దాకా అరగంటకో గీత, పక్కన నిలువుగా మూడు కాలమ్‌లు. పొద్దున్నే మొదటి కాలమ్‌లో ఏ పని ఎప్పటి నుంచి ఎప్పటి దాకా అన్నది రాసుకుంటాను. మిగతా రెండూ ఖాళీగా ఉంచుతాను. టైమ్ బ్లాకింగ్ అని చాలామంది చెప్పే పద్ధతే ఇది. అన్నీ అనుకున్నట్టు జరిగే రోజున దీనికీ ఫోన్‌లోని క్యాలెండర్‌కీ పెద్ద తేడా లేదు. ఆ రెండు ఖాళీ కాలమ్‌ల విలువ తెలిసేది సగం రోజు చేజారిపోయినప్పుడే.

ఒక జూలై 20 సంగతి చెప్తాను. నెలనెలా జీఎస్‌టీఆర్‌-3బి అనే జీఎస్‌టీ రిటర్ను వేసేవాళ్లకు 20 ఆఖరు తేదీ. ఆ రోజు పేజీలో హార్డ్‌వేర్ షాపు, ప్రింటింగ్ ప్రెస్, క్యాటరింగ్ వాళ్ల రిటర్నులు, అమ్మకాలేమీ లేని ఒక నిల్ రిటర్ను, మూడు నెలలకోసారి వేసే ఇద్దరివి, ఒక నోటీసుకు జవాబు, టీడీఎస్ త్రైమాసిక స్టేట్‌మెంట్ లెక్కలు, నాలుగింటికి ఒక మీటింగ్ ఉన్నాయి. తొమ్మిదీ నలభైకి ఇంటి నుంచి ఫోన్. మామయ్యగారు బాత్‌రూమ్‌లో జారిపడ్డారు, కాలు కదపలేకపోతున్నారు. ఎక్స్‌రేలో తుంటి ఎముక విరిగిందని తేలింది. అడ్మిషన్, రక్తపరీక్షలు, ఇన్సూరెన్స్ కాగితాలు అయ్యి, మా ఆయన వచ్చి నన్ను పంపేసరికి రెండున్నర.

రోజూ పేజీ రాయగానే ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకుంటాను. ఎక్స్‌రే గది బయట కూర్చుని ఆ ఫొటో తెరిచి ఒక్కో పనినీ రెండు ప్రశ్నలు అడిగాను. ఇవాళ చేయకపోతే సరిగ్గా ఎంత నష్టం? ఇందులో వేరేవాళ్ల చెయ్యి పడాలా? ఏది ముఖ్యం, ఏది కాదు అని అడిగితే టెన్షన్‌లో అన్నీ ముఖ్యంగానే కనిపిస్తాయి. నష్టమెంత అని అడిగితే అంకె వస్తుంది.

హార్డ్‌వేర్ షాపు నగదుగా కట్టాల్సిన పన్ను 1,84,000 రూపాయలు. ఆలస్యమైతే వడ్డీ ఏడాదికి 18 శాతం, అంటే రోజుకు దాదాపు 90 రూపాయలు. దానిపై ఆలస్య రుసుము రోజుకు 50. నిల్ రిటర్నుకు రుసుము రోజుకు 20. త్రైమాసికం వాళ్లకు మన రెండు తెలుగు రాష్ట్రాల్లో గడువు 22 కాబట్టి ఇవాళ నష్టం సున్నా. నోటీసు జవాబుకు 25 దాకా సమయముంది, టీడీఎస్ స్టేట్‌మెంట్‌కు నెలాఖరు దాకా. అంత నిండుగా కనిపించిన పేజీలో ఆ రోజే తీరాల్సినవి నాలుగే. గుండె దడ అక్కడే తగ్గింది.

రెండో ప్రశ్న వరుసను తేల్చింది. హార్డ్‌వేర్ షాపు డబ్బు యజమాని బ్యాంకు నుంచి రావాలి. రిటర్ను దాఖలు చేసేటప్పుడు ఓటీపీ ఆయన ఫోన్‌కే వస్తుంది. సాయంత్రం ఆయన దొరక్కపోతే నేను ఎంత త్వరగా లెక్క తేల్చినా పని ఆగుతుంది. అందుకే ఆస్పత్రి నుంచే మూడు ఫోన్లు చేశాను. "అన్నా, ఇవాళ చలాన్ మాత్రం మధ్యాహ్నమే కట్టేయండి, రిటర్ను సాయంత్రం వేస్తాను" అని ఆయనకు చెప్పాను. "అలాగేనమ్మా, ముందు పెద్దాయన్ని చూసుకోండి" అన్నారు. చలాన్ ముందు కట్టించడంలో ఒక కిటుకుంది. గడువులోపు డబ్బు జీఎస్‌టీ పోర్టల్‌లో వాళ్ల ఖాతా అయిన క్యాష్ లెడ్జర్‌లో పడి, రిటర్ను వేసేదాకా అక్కడే ఉంటే ఆ మొత్తానికి వడ్డీ పడదు. 2024 జూలై నుంచి ఉన్న నిబంధన ఇది. ఒకవేళ రిటర్ను మర్నాటికి జారినా పోయేది రుసుమే. పని మొత్తం అయ్యేలా లేనప్పుడు ఎక్కువ నష్టం ఆపే సగాన్ని ముందు చేయించడం నాకు బాగా కలిసొచ్చింది.

రెండో ఫోన్ నిల్ రిటర్ను వాళ్లకు. రిజిస్టర్ అయిన మొబైల్ నుంచి 14409కి ఈ తీరులో ఎస్సెమ్మెస్ పంపమన్నాను:

```
NIL 3B GSTIN 062025
```

GSTIN చోట వాళ్ల జీఎస్‌టీ నంబరు, చివర రిటర్ను ఏ నెలదో ఆ నెల, సంవత్సరం. వెనక్కి వచ్చే కోడ్‌ను `CNF 3B` తర్వాత రాసి మళ్లీ పంపితే దాఖలైనట్టే. నా పేజీలో ఒక అరగంట మిగిలింది. మూడో ఫోన్‌తో మీటింగ్ ఎల్లుండికి మారింది.

ఆఫీసుకు వచ్చాక పాత కాలమ్ మీద ఒకే అడ్డగీత కొట్టి, పక్క కాలమ్‌లో రెండున్నర గీత నుంచి కిందికి కొత్త ప్లాన్ రాశాను. చెరిపి రాయను. పొద్దున ఏం అనుకున్నానో పక్కనే కనిపిస్తుంటే ఏ పనీ మరుగున పడదు. కొత్త కాలమ్‌లో ప్రతి పనికీ పొద్దున ఇచ్చిన సమయానికి ఒకటిన్నర రెట్లు ఇస్తాను. ఆస్పత్రి నుంచి వచ్చిన మనిషి మామూలు వేగంతో పనిచేయలేదు. ఐదు నుంచి ఐదూ నలభైఐదు దాకా 'ఆస్పత్రి' అని ఒక బ్లాక్ పెట్టాను. అత్యవసరం తీరిపోయినట్టు కనిపించినా దాని తోక మిగిలే ఉంటుంది. ఇన్సూరెన్స్ వాళ్ల ఫోన్లు, బంధువుల ఫోన్లు, ఆపరేషన్ ఎప్పుడన్న మాట, రాత్రికి ఎవరుండాలన్నది. దానికి చోటివ్వకపోతే కొత్త ప్లాన్ కూడా గంటలోనే చెడుతుంది. చివర అరగంట ఖాళీ వదిలాను. 20వ తేదీ సాయంత్రం పోర్టల్ నెమ్మదిస్తుందని ఈ పనిలో ఉన్న అందరికీ తెలుసు. ఆ రోజూ అలాగే అయ్యింది. క్యాటరింగ్ వాళ్ల రిటర్ను ఆ ఖాళీలోనే దాఖలైంది.

ఇదే పని గూగుల్ క్యాలెండర్‌లో కూడా చేసి చూశాను. ఒక్కో బ్లాక్‌నూ పట్టుకుని జరపాలి, జరిపాక పాత చోటు కనిపించదు. టుడూయిస్ట్ యాప్‌లో మిగిలిపోయిన పనులన్నీ ఒక్క నొక్కుతో రేపటికి వెళ్తాయి. సుఖంగా ఉంటుంది గానీ నాకు నచ్చనిది అదే. రేపటి రోజు అప్పటికే నిండి ఉందా అని అది మనల్ని ఆపి అడగదు. పుస్తకంలో మర్నాటి పేజీ తిప్పి చేత్తో రాయాలి కాబట్టి చోటు లేదని కళ్లకే తెలుస్తుంది. ఆ రాత్రి నోటీసు జవాబు 21 పేజీలో పట్టక 23కి వెళ్లింది. గడువు 25 కాబట్టి ఫర్వాలేదు.

లోపాలు లేకపోలేదు. పుస్తకం మోగదు, గుర్తుచేయదు. అందుకే ఇతరులతో కలిసే మీటింగులు మాత్రం ఫోన్ క్యాలెండర్‌లోనే పెట్టుకుంటాను. ఆఫీసులో నా ప్లాన్ ఇంకొకరికి కనబడదు, కొత్త కాలమ్ రాసిన ప్రతిసారీ మా అసిస్టెంటుకు ఫొటో వాట్సాప్ చేయాల్సిందే. రోజంతా పిలుపుల మీదే నడిచే ఉద్యోగాలకు, అంటే క్యాజువాలిటీ డ్యూటీ, కరెంటు లైన్ రిపేరు లాంటి వాటికి ఇది కుదరదు. అక్కడ మొదటి కాలమే నిలవదు.

కొనదలచుకుంటే అడ్డం తక్కువున్న చిన్న డైరీ వద్దు, మూడు కాలమ్‌లు పట్టవు. తేదీలు అచ్చైన ప్లానర్ కూడా వద్దు. వాటిలో రోజుకు ఒకే కాలమ్ ఉంటే కొత్త ప్లాన్ రాసే చోటే ఉండదు. రూళ్ల లాంగ్ నోట్‌బుక్, ఒక స్కేలు, బాల్ పెన్ను చాలు. నెలకు సరిపడా పేజీలకు ఒకేసారి గీతలు కొట్టి ఉంచుకుంటే పొద్దున పది నిమిషాల్లో ప్లాన్ అయిపోతుంది.