షార్ట్ ఫిల్మ్‌లో సింగిల్ టేక్: ఏకబిగినా, అతుకులతోనా, ఏది మేలు?

ఆరు నిమిషాల కథ ఒకటి అనుకుందాం. ఊరి నుంచి వచ్చిన కొడుకు వరండాలో తండ్రితో రెండు నిమిషాలు మాట్లాడి, హాల్లో చుట్టాలను దాటుకుని, చివరికి వంటింట్లో తల్లి దగ్గరకు చేరతాడు. ఇదంతా ఒకే షాట్‌గా కనిపించాలంటే మూడు దారులున్నాయి: నిజంగానే ఏకబిగిన తీయడం, విడివిడిగా తీసిన షాట్ల మధ్య రెండు చోట్ల కనబడని అతుకులు వేయడం, లేదా ఏకబిగిన తీసి, చెడితే ఎక్కడ కట్ చేయాలో ముందే నిర్ణయించుకోవడం.

ముందు సమయం లెక్క చూద్దాం. ఆరు నిమిషాల టేక్ అయ్యాక వస్తువులన్నీ మళ్లీ వాటి చోట్లకు చేర్చి, నటులను, మైకులను సిద్ధం చేయడానికి పదిహేను నిమిషాలు పడుతుందనుకుంటే, వెలుతురు మారని మూడు గంటల్లో తొమ్మిది టేకులకు మించి రావు. వరండా, హాలు, వంటిల్లు ఒక్కొక్కటీ రెండుసార్లకు ఒకసారి చొప్పున సరిగ్గా కుదురుతాయనుకున్నా, మూడూ ఒకే టేక్‌లో కుదిరే అవకాశం ఎనిమిదింట ఒకటి. అంటే రోజంతా ఒక్క మంచి టేక్ మీద ఆధారపడినట్టే. పైగా కెమెరాను ఊగకుండా పట్టే గింబల్‌ను మోసే మనిషి చేతులు చివరి టేకుల నాటికి మొదటి టేక్‌లో ఉన్నంత నిలకడగా ఉండవు. అదే గుమ్మాల దగ్గర అతుకులు పెట్టుకుంటే, వంటింట్లో పొరపాటు జరిగినప్పుడు వంటింటి భాగం మాత్రమే మళ్లీ తీసుకోవచ్చు.

అతుకు వల్ల దక్కే మరో లాభం వెలుతురుకు సంబంధించినది. ఎండపడే వరండాకు సరిపెట్టిన ఎక్స్‌పోజర్‌తో హాల్లోకి వెళ్తే అంతా చీకటిగా వస్తుంది. ఆటో ఎక్స్‌పోజర్‌కు వదిలేస్తే గుమ్మం దాటగానే బొమ్మ తెల్లబడుతూ తేరుకోవడం ప్రేక్షకుడికి స్పష్టంగా తెలిసిపోతుంది. ఏకబిగిన తీసేటప్పుడు హాల్లో లైట్లు పెంచడమో, నడుస్తూనే మెల్లగా అపర్చర్ మార్చడమో చేయాలి. గుమ్మంలో కొడుకు వీపు ఫ్రేమ్‌ను పూర్తిగా కప్పేసే క్షణంలో అతుకు వేస్తే, రెండో షాట్‌ను హాలుకు తగిన ఎక్స్‌పోజర్‌తో మొదలుపెట్టవచ్చు. దర్శకుడు హిచ్‌కాక్ 1948 నాటి ‘రోప్’ సినిమాలో, ఫిల్మ్ రీలు సుమారు పది నిమిషాలకే అయిపోయేది కాబట్టి, కొన్ని అతుకులను ఇలాగే నటుల కోటు వీపుల మీద దాచి, మరికొన్నింటిని మామూలు కట్లుగానే వదిలేశాడు.

అయితే వీపు కప్పడం ఒక్కటే సరిపోదు. మొదటి షాట్‌ను వీపు దాటాక కూడా నాలుగైదు సెకన్లు కొనసాగించాలి, రెండోదాన్ని అంతకు ముందు నుంచే మొదలుపెట్టాలి. లెన్సు, కెమెరా ఎత్తు, నడక వేగం, చొక్కా మడతలు రెండింటిలో ఒకేలా ఉండాలి. వైట్ బ్యాలెన్స్ ఆటోలో ఉంటే చొక్కా రంగే అతుకును బయటపెడుతుంది. ఆ క్షణంలో ఎవరూ మాట్లాడకుండా చూసుకోవాలి, ఎందుకంటే మాట మధ్యలో పడిన అతుకు కంటికి కనిపించకపోయినా చెవికి దొరుకుతుంది. హాల్లో ఫ్యాన్ తిరుగుతుంటే అతుకు కింద పరచడానికి ఆ చప్పుడును విడిగా ఒక నిమిషం రికార్డు చేసి ఉంచుకోవాలి. అతుకు కుదిరిందో లేదో సెట్‌లోనే, మొదటి షాట్‌లో వీపు కప్పేసిన ఫ్రేమ్‌ను రెండోదానిలోని అలాంటి ఫ్రేమ్ మీద పరిచి చూసుకోవాలి. ఇంటికెళ్లాక తెలిస్తే లాభం లేదు.

మూడో దారి, అంటే కుక్కర్, గోడ మీది ఫొటో, తండ్రి చేతులు వంటివాటిని విడిగా తీసిన కటవేలతో పొరపాటును కప్పడం, చూడటానికి తేలిక. కానీ నాలుగు నిమిషాలు తెగకుండా సాగిన షాట్‌లో హఠాత్తుగా ఒక్క కట్ పడితే అది తప్పులాగే కనిపిస్తుంది. కట్ చేయక తప్పకపోతే రెండు మూడు చోట్ల, మొదటి నిమిషం నుంచే చేయడం నయమని నా అభిప్రాయం. ఆ కటవేలను ప్రధాన టేక్ ముగిసిన వెంటనే, అదే వెలుతురులో తీసుకోవాలి.

ఏ దారి ఎంచుకున్నా రిహార్సల్ క్రమం మాత్రం ఒకటే. ముందు కూర్చుని మాటలు, తర్వాత అసలు ఇంట్లోనే నడకలు, ఆ తర్వాత సెల్‌ఫోన్‌తో మొత్తం షాట్, చివరికి పూర్తి బరువున్న గింబల్‌తో. నేల మీద టేపు గుర్తులు నటులకే కాదు, వెనక్కి నడిచే కెమెరామన్‌కూ ఉండాలి. అతని నడుము పట్టుకుని గుమ్మాలు దాటించే మనిషి కూడా రిహార్సల్ చేయాలి. బూమ్ మైకు నీడ ఎక్కడ పడుతుందో సెల్‌ఫోన్ దశలో తెలియదు, అసలు లైట్లు వేశాకే బయటపడుతుంది.

నా ఎంపిక రెండో దారే, కానీ ఒక సవరణతో: రెండు గుమ్మాల దగ్గరా అతుకుకు వీలుగా నటుల, కెమెరా కదలికలను బ్లాకింగ్ చేసి, హాలు వెలుతురును ముందే వరండాకు దగ్గరగా తెచ్చి, మొదటి మూడు ప్రయత్నాలు ఏకబిగినే తీయాలి. కుదిరితే అతుకుల అవసరమే రాదు. కుదరకపోతే నాలుగో ప్రయత్నం నుంచి ఏ గదిలో ఎక్కువగా చెడుతోందో చూసి, ఆ గది ముందున్న గుమ్మం నుంచే మళ్లీ మొదలుపెట్టాలి. మొదటి మూడింటిలో బాగా కుదిరిన వరండాను మళ్లీ ముట్టుకోనక్కర్లేదు.