గల్ఫ్ వీసా సైట్లు: ధర్మాబాద్ వైపు వాడుతున్నవాళ్ల మాట

నాందేడ్ జిల్లా ధర్మాబాద్, బిలోలి, దెగ్లూరు వైపు నుంచి గల్ఫ్‌కు పోయేవాళ్లు ఇదివరకు నిజామాబాద్‌లో ఏజెంటు చుట్టూ తిరిగేవాళ్లు. ఇప్పుడు ఫోన్‌లో సైటు చూసి డబ్బు పంపుతున్నారు. ఈ ప్రైవేటు సైట్లనూ, సర్కారు వారి emigrate.gov.in నూ చాలాకాలం పక్కపక్కన పెట్టి వాడాక తేలిందిది: ప్రైవేటు సైటు ఉద్యోగం వెతకడానికి పనికొస్తుంది, నమ్మాలా వద్దా అన్నది తేల్చేది మాత్రం ఇ-మైగ్రేటే.

ప్రైవేటు సైటు తెరవగానే అడుగున లైసెన్సు నంబరు చూడండి. రిజిస్టరైన రిక్రూటింగ్ ఏజెంటు నంబరు B- తో మొదలవుతుంది, మధ్యలో MUM లాంటి ఊరి కోడ్ ఉంటుంది. నంబరే లేకపోతే అక్కడితో ఆగిపోవచ్చు. ఉన్నంత మాత్రాన నమ్మొద్దు, అసలు మోసం జరిగేది అక్కడే.

ఒక లెక్క తీసుకుందాం. పదో తరగతి తప్పిన కుర్రాడికి ఈసీఆర్ పాస్‌పోర్టు ఉంది, అంటే గల్ఫ్‌లో పనికి పోవాలంటే సర్కారు అనుమతి కావాలి. దుబాయ్‌లో క్లీనింగ్ పని, మొత్తం ప్యాకేజీ 85,000 రూపాయలు అని ఒక సైటు చెప్పింది. లైసెన్సు నంబరు కూడా పెట్టింది. ఆ నంబరును ఇ-మైగ్రేట్‌లోని ఏజెంట్ల జాబితాలో వెతికితే ముంబైలో నిజంగానే ఒక ఏజెన్సీ కనబడుతుంది, లైసెన్సు నడుస్తూనే ఉంటుంది. చాలామంది ఇక్కడ తృప్తిపడి డబ్బు కట్టేస్తారు. ఇంకో రెండు గడులు చూడాలి: చిరునామా, ఫోన్ నంబరు. సైటులో ఉన్న మొబైల్ నంబరు జాబితాలో లేకపోతే, జాబితాలో ఉన్న నంబరుకే ఫోన్ చేసి ‘ఈ సైటు మీదేనా, నాందేడ్ జిల్లాలో మీకు బ్రాంచి ఉందా’ అని అడగాలి. ఎవరిదో నంబరు ఎత్తి అతికించుకున్న సైటు ఆ ఒక్క ఫోన్‌తో బయటపడుతుంది. ‘మేము వాళ్ల సబ్ ఏజెంట్లం’ అంటే అది లైసెన్సు కిందికి రాదు.

ఇక డబ్బు. ఏజెంటు తీసుకోగల సర్వీసు చార్జీకి చట్టం పెట్టిన హద్దు 30,000 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపి 35,400. రసీదు ఇవ్వాలి. అంటే 85,000లో మిగిలిన 49,600 దేనికో సైటు చెప్పాలి. ‘వీసా ఖర్చు’ అంటుంది. యూఏఈ చట్టం ప్రకారం మనిషిని తెచ్చుకునే ఖర్చు కంపెనీది, పనివాడిది కాదు. ఈ మాట అడిగితే చాట్‌లో జవాబు ఆగిపోవడం మామూలే.

సైటు బుద్ధి తెలిసేది వీసా రకం దగ్గర. కంపెనీ వీసా అని చెప్పి విజిట్ వీసా పంపుతారు, ‘అక్కడికి పోయాక మారుస్తాం’ అంటారు. ఈసీఆర్ పాస్‌పోర్టువాడు పనికి పోతుంటే ఎమిగ్రేషన్ క్లియరెన్సు అనే ఆ సర్కారు అనుమతి తప్పనిసరి. విజిట్ వీసాతో ఎక్కిస్తే అది తప్పించుకున్నట్టే. విమానాశ్రయంలో ఆపేస్తే టికెట్ డబ్బు పోతుంది. ఆపకపోతే ఇంకా ప్రమాదం: క్లియరెన్సుతో పాటు రావాల్సిన ప్రవాసీ భారతీయ బీమా ఉండదు. రెండేళ్లకు 275 రూపాయల ప్రీమియం, ప్రమాదంలో పోయినా, శాశ్వత వైకల్యం వచ్చినా 10 లక్షలు వచ్చే పాలసీ అది. అక్కడ వీసా మారకపోతే మనిషి కల్లివెల్లి, అంటే కాగితాల్లేకుండా దొంగచాటుగా బతికేవాడు, అయిపోతాడు. ఏ కంపెనీలోనైనా పని చేసుకోవచ్చంటూ ఆజాద్ వీసా అని అమ్మేవాళ్లదీ దాదాపు ఇదే దారి.

వాట్సాప్‌లో వచ్చిన వీసా పీడీఎఫ్‌ను కళ్లతో చూసి తేల్చుకోలేం. దుబాయ్ పర్మిట్ నంబరు 201తో మొదలవుతుంది, దాన్ని gdrfad.gov.ae లో చూడాలి. మిగతా ఎమిరేట్లవి smartservices.icp.gov.ae లో. ఏజెన్సీ సైటు ఇచ్చిన ‘వీసా చెక్’ లింకు నొక్కొద్దు. అచ్చం అలాగే కనిపించే నకిలీ పేజీ కావచ్చు. చిరునామా మీరే టైపు చేయండి, చివర .gov.ae ఉందో లేదో చూడండి.

ఇ-మైగ్రేట్‌కూ లోపాలున్నాయి. 2024 అక్టోబరులో సైటు మొత్తం మారింది కాబట్టి పాత యూట్యూబ్ వీడియోల్లో చూపే మెనూలు ఇప్పుడు కుదరవు. ఏజెన్సీ పేరుతో వెతికితే ఒక అక్షరం తేడాకే దొరకదు, అందుకే లైసెన్సు నంబరుతో వెతకడం మేలు. చదువు తక్కువ ఉన్నవాడు తనంతట తాను వాడగలిగే సైటు కాదిది, పక్కన ఎవరైనా కూర్చోవాలి. అలా కూర్చోబెట్టడానికి మనిషి దొరకకపోతే సర్కారు హెల్ప్‌లైన్ 1800-11-3090కు ఫోన్ చేయవచ్చు, చార్జీ పడదు.

పది పాసైనవాళ్లకు ఒక మాట. క్లియరెన్సు అక్కర్లేదని చూపే ‘ఈసీఎన్ఆర్ స్టాంపు వేయిస్తాం’ అని వేలు అడిగే సైట్లున్నాయి. అలాంటి స్టాంపు ఇప్పుడు లేదు. పాస్‌పోర్టు చివరి పేజీలో ECR అని లేకపోతే మీరు నాన్ ఈసీఆరే. ఉంటే పదో తరగతి సర్టిఫికెట్టు పెట్టి passportindia.gov.in లో రీ-ఇష్యూకు దరఖాస్తు చేయండి. 36 పేజీల పుస్తకానికి మామూలు ఫీజు 1,500 రూపాయలు.